స్మియర్ రిపోర్టులో 'మైక్రోసైటిక్ హైపోక్రోమిక్, టార్గెట్ సెల్స్' అని వస్తే: లైను లైనుగా ఎలా చదవాలి

విశాఖ మహారాణిపేట సందుల్లో ఉన్న ల్యాబుల్లో ఏ కౌంటర్ దగ్గర నిలబడినా సాయంత్రానికి ఒక్కరైనా ఈ కాగితం పట్టుకుని వస్తారు. "ఇదేటండీ, టార్గెట్ సెల్స్ అని రాశారు, క్యాన్సరా?" అని అడుగుతారు. కాదు. కానీ 'రక్తం తక్కువ, ఐరన్ వేసుకోండి' అని చెప్పి పంపేసే మాట కూడా కాదది. రక్తపు చుక్కని గాజు స్లైడు మీద పలచగా పరిచి మైక్రోస్కోపులో చూడటమే స్మియర్. ఆ స్లైడు చూసి రాసే పని నాది కాబట్టి, రాసేటప్పుడు మేం ఏం చూస్తామో, చదివేటప్పుడు మీరు ఏం చూసుకోవాలో ఒకచోట పెడుతున్నాను. ఎక్కువ భాగం ఎర్ర కణాల లైను గురించే ఉంటుంది, ఎందుకంటే పొరపాట్లన్నీ అక్కడే జరుగుతున్నాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

స్మియర్ రిపోర్టు ఒక్కటే చాలదు. అదే రోజు, అదే శాంపిల్ మీద తీసిన సీబీసీ, అంటే మిషన్ లెక్కపెట్టిన రక్తకణాల రిపోర్టు, పక్కన ఉండాలి. అందులో హిమోగ్లోబిన్, ఎర్ర కణాల సంఖ్య చెప్పే ఆర్‌బీసీ కౌంట్, ఎర్ర కణం సగటు సైజు చెప్పే ఎంసీవీ, ఒక్కో కణంలో సగటున ఎంత హిమోగ్లోబిన్ ఉందో చెప్పే ఎంసీహెచ్, కణాల సైజుల్లో తేడా ఎంతో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ, ప్లేట్‌లెట్లు చూస్తాం. రెండు మూడేళ్ల కిందటి సీబీసీ దొరికితే ఇంకా మంచిది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. ఐరన్ మాత్రలు ఎప్పటినుంచి వేసుకుంటున్నారు, గత మూడు నెలల్లో రక్తం ఎక్కించారా, గర్భం ఉందా అన్నవి ఓ కాగితం మీద రాసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

ఉదాహరణకి ఒక రిపోర్టు తీసుకుందాం. గాజువాకలో బట్టల షాపులో పనిచేసే 24 ఏళ్ల అమ్మాయి అనుకోండి. పెళ్లి కుదిరింది. ఏడాదిగా ఐరన్ మాత్రలు వాడుతూనే ఉంది, హిమోగ్లోబిన్ మాత్రం కదలలేదు. స్మియర్‌లో ఇలా ఉంది:

'ఆర్‌బీసీ: మైక్రోసైటిక్ హైపోక్రోమిక్, మైల్డ్ అనైసోపొయికిలోసైటోసిస్, టార్గెట్ సెల్స్ 2+. డబ్ల్యూబీసీ: సంఖ్య, విభజన నార్మల్, అపరిపక్వ కణాలు లేవు. ప్లేట్‌లెట్లు: అడిక్వేట్. హీమోపారసైట్స్: కనిపించలేదు. సూచన: ఐరన్ ప్రొఫైల్, హెచ్‌బీ హెచ్‌పీఎల్‌సీ, క్లినికల్ కోరిలేషన్.'

సీబీసీ అంకెలు: హిమోగ్లోబిన్ 10.6, ఆర్‌బీసీ 5.6, ఎంసీవీ 62, ఎంసీహెచ్ 18.9, ఆర్‌డీడబ్ల్యూ 15.

1. ముందు కింది లైన్లు చూసి మనసు కుదుటపరుచుకోండి

అందరూ పైనుంచి చదివి మొదటి పెద్ద మాట దగ్గరే ఆగిపోతారు. మీరు కిందినుంచి రండి. 'అపరిపక్వ కణాలు లేవు' అంటే బ్లడ్ క్యాన్సర్‌లో కనిపించే బ్లాస్ట్ కణాలు ఈ స్లైడులో లేవని. 'ప్లేట్‌లెట్లు అడిక్వేట్' అంటే చూపుకి సరిపడా ఉన్నాయని. 'హీమోపారసైట్స్ కనిపించలేదు' అంటే మలేరియా క్రిములు ఈ స్లైడులో దొరకలేదని మాత్రమే. జ్వరం వస్తూపోతూ ఉంటే మళ్లీ పరీక్ష చేయించాల్సిందే.

ప్లేట్‌లెట్ల లైనులో 'క్లంప్స్' అని ఉండి, మిషన్ మాత్రం 40 వేలే చూపిస్తే కంగారుపడి అడ్మిట్ అవ్వకండి. కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఊదామూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపుల్ని లెక్కపెట్టలేదు. నీలంమూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయించి, వచ్చిన అంకెని 1.1తో గుణిస్తే అసలు సంఖ్య దగ్గరగా తెలుస్తుంది. ఆ ట్యూబులో ముందే కొంచెం ద్రవం ఉంటుంది కాబట్టి ఆ గుణింపు.

2. 'మైక్రోసైటిక్ హైపోక్రోమిక్' అన్నది అంకెలతో సరిపోతోందా చూడండి

స్లైడు మీద మాకు దగ్గర ఉండే కొలబద్ద చిన్న లింఫోసైట్ కేంద్రకం. మామూలు ఎర్ర కణం దాదాపు అంతే ఉంటుంది. అంతకన్నా చిన్నవి ఎక్కువ కనిపిస్తే మైక్రోసైటిక్ అని రాస్తాం. ఎర్ర కణం మధ్యలో లేతగా ఉండే చోటు మామూలుగా మూడో వంతు ఉంటుంది. ఆ లేత చోటు పెరిగి, అంచు మాత్రమే గాజులా మిగిలితే హైపోక్రోమిక్.

పెద్దవాళ్లలో ఎంసీవీ 80 కన్నా తక్కువ, ఎంసీహెచ్ 27 కన్నా తక్కువ ఉంటే ఆ మాటకి అంకెల మద్దతు ఉన్నట్టు. మన ఉదాహరణలో 62, 18.9. అనుమానమే లేదు. పిల్లలకి హద్దులు వేరు, పెద్దల అంకెలతో పోల్చకండి.

ఎంసీవీ 88 ఉండి స్మియర్‌లో 'మైక్రోసైటిక్' అని ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఎవరో తొందరలో పాత ఫార్మాట్ కాపీ పేస్ట్ చేశారు. అలా జరుగుతుంది. రెండోది, చిన్నవీ పెద్దవీ కలిసి ఉండి సగటు మామూలుగా కనిపిస్తోంది. ఐరన్‌తో పాటు బి12 కూడా తక్కువైనప్పుడు ఇలా వస్తుంది, అప్పుడు రిపోర్టులో 'డైమార్ఫిక్' అన్న మాట ఉంటుంది. ఆ మాట కనిపిస్తే ఒక్క ఐరన్‌తో సరిపెట్టకుండా బి12 పరీక్ష కూడా అడగండి.

'అనైసోపొయికిలోసైటోసిస్' చూడ్డానికే భయపెట్టే మాట. కణాల సైజులు, ఆకారాలు ఒకేలా లేవు అని అంతే. అది జబ్బు పేరు కాదు. పక్కన ఉండే 1+, 2+ గుర్తులు కంటి అంచనా. రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

3. ఆర్‌బీసీ కౌంట్ మీద వేలు పెట్టండి

ఎక్కువమంది ఈ లైను దాటేస్తారు. నా లెక్కలో కాగితం మొత్తంలో విలువైన అంకె ఇదే.

ఐరన్ లేకపోతే ఎముక మజ్జకి ముడిసరుకు అందదు. కణాలు చిన్నగా వస్తాయి, సంఖ్య కూడా పడిపోతుంది. బీటా తలసీమియా ట్రెయిట్ ఉన్నవాళ్లలో, అంటే రెండు జన్యువుల్లో ఒకటే లోపం ఉన్నవాళ్లలో, ఐరన్ ఉంటుంది కానీ హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ గొలుసు తక్కువగా తయారవుతుంది. కణాలు చిన్నవే, సంఖ్య మాత్రం మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. అందుకే ఎంసీవీని ఆర్‌బీసీతో భాగిస్తాం. దీన్ని మెంట్జర్ ఇండెక్స్ అంటారు.

మన అమ్మాయికి 62 ÷ 5.6 = 11. పదమూడు కన్నా తక్కువ, అంటే తలసీమియా ట్రెయిట్ వైపు మొగ్గు. ఇంకో రిపోర్టు పక్కన పెడదాం: హిమోగ్లోబిన్ 8, ఆర్‌బీసీ 3.9, ఎంసీవీ 66, ఆర్‌డీడబ్ల్యూ 19, స్మియర్‌లో పెన్సిల్ సెల్స్, అంటే సన్నగా పొడుగ్గా ఉన్న కణాలు. 66 ÷ 3.9 = దాదాపు 17. ఇది ఐరన్ లోపం వైపు. రెండింటిలోనూ స్మియర్ మొదటి లైను ఒకటే, 'మైక్రోసైటిక్ హైపోక్రోమిక్'. దారులు మాత్రం వేరు.

తేడా ఇంకోచోట కూడా కనిపిస్తుంది. ఎంసీవీ 62కి పడిపోయినా మొదటి అమ్మాయి హిమోగ్లోబిన్ 10.6 దగ్గర నిలబడింది. ఐరన్ లోపంలో ఎంసీవీ అంత కిందికి దిగేసరికి హిమోగ్లోబిన్ మామూలుగా ఇంకా బాగా పడిపోయి ఉంటుంది.

జాగ్రత్త: ఆర్‌బీసీని కొన్ని ల్యాబులు 5.6 మిలియన్లు అని, కొన్ని 56 లక్షలు అని ఇస్తాయి. మిలియన్లలోకి మార్చాకే భాగించండి. గర్భిణులకి, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. ఐరన్ లోపం, ట్రెయిట్ రెండూ కలిసి ఉన్న మనిషిలో అంకె ఎటైనా పడొచ్చు. ఇది ఏ పరీక్ష ముందు చేయించాలో చెప్పే లెక్కే తప్ప, రోగనిర్ధారణ కాదు.

4. 'టార్గెట్ సెల్స్' అసలువేనా అని అడగండి

లేత చోటు మధ్యలో మళ్లీ ఒక ముదురు చుక్క ఉన్న కణం టార్గెట్ సెల్. క్యారమ్ బోర్డు నడిమి వలయంలా ఉంటుంది. తలసీమియాలో, సికిల్ సెల్ జబ్బులో, లివర్ జబ్బుల్లో, ప్లీహం తీసేసినవాళ్లలో ఇవి కనిపిస్తాయి. ఐరన్ లోపంలోనూ కొద్దిగా ఉండొచ్చు. కాబట్టి ఒక్క ఈ మాటతో ఏదీ తేలదు. ఎంసీవీ మామూలుగా ఉండి టార్గెట్ సెల్స్ ఎక్కువగా ఉంటే లివర్ వైపు చూడాలి. ఎంసీవీ 62 ఉండి, ఆర్‌బీసీ 5.6 ఉండి ఇవి కూడా ఉంటే హిమోగ్లోబిన్ వైపే చూడాలి.

మన ఊళ్లో ఇంకో తలనొప్పి ఉంది. సముద్రపు గాలి తేమకి స్లైడు త్వరగా ఆరదు. నెమ్మదిగా ఆరిన స్లైడులో లేని టార్గెట్ సెల్స్ కూడా పుట్టుకొస్తాయి, కణాల మధ్యలో పురుగు తిన్నట్టు మెరిసే గుంటలు పడతాయి. అలాంటి దొంగ టార్గెట్ సెల్స్ సాధారణంగా స్లైడులో ఒక పక్కనే గుంపుగా ఉంటాయి. అసలైనవి అయితే అంతటా చెదురుగా కనిపిస్తాయి. ఇంటి దగ్గర తీసిన శాంపిల్ మధ్యాహ్నమంతా బండి డిక్కీలో తిరిగి వస్తే కణాల అంచులు ముళ్లు ముళ్లుగా అవుతాయి. రిపోర్టులో 'క్రెనేటెడ్' అని చూస్తే ముందు శాంపిల్ ఎంతసేపు నిలవ ఉందో అడగండి. స్మియర్ కోసమైతే ల్యాబుకే వెళ్లి రక్తం ఇవ్వడం మేలు. తీసిన రెండు మూడు గంటల్లో స్లైడు తయారవ్వాలి.

5. తర్వాతి పరీక్షలు ఈ వరసలో

ముందు ఫెరిటిన్. పెద్దవాళ్లలో 15 కన్నా తక్కువ ఉంటే ఐరన్ నిల్వలు అయిపోయినట్టే. 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు లోపంగానే తీసుకుంటారు. జ్వరం, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది కాబట్టి అవి తగ్గాక చేయించండి. సీరం ఐరన్ ఒక్కటే చేయించుకుని ఏదో తేలిపోయిందనుకోకండి. నిన్న వేసుకున్న మాత్రకి కూడా అది ఊగుతుంది.

తర్వాత రక్తంలోని హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపించే హెచ్‌బీ హెచ్‌పీఎల్‌సీ, లేదా ఎలక్ట్రోఫోరిసిస్. ఇందులో హెచ్‌బీ ఏ2 అన్న అంకె చూడాలి. 3.5 శాతం దాటి, మామూలుగా 4కీ 7కీ మధ్య ఉంటే బీటా తలసీమియా ట్రెయిట్. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఏ2 కూడా కాస్త తగ్గి, ట్రెయిట్ దాక్కుంటుంది. హద్దు దగ్గర అంకె వస్తే ఐరన్ సరిచేసి మళ్లీ చేయించాలి. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం అలా ఆగకూడదు. వెంటనే డాక్టరుతో మాట్లాడి భర్తకి కూడా పరీక్ష చేయించాలి. రక్తం ఎక్కించాక మూడు నెలల దాకా హెచ్‌పీఎల్‌సీ నమ్మదగింది కాదు, దాత రక్తం కూడా అందులో కనిపిస్తుంది. ఆల్ఫా తలసీమియా ట్రెయిట్ ఈ పరీక్షలో చిక్కదు. ఏ2 నార్మల్, ఫెరిటిన్ నార్మల్, ఎంసీవీ మాత్రం తక్కువ అయితే దాని గురించి హెమటాలజిస్టుని అడగండి.

మన అమ్మాయికి ఫెరిటిన్ 48, ఏ2 5.4 వచ్చాయనుకోండి. లెక్క తేలింది: బీటా తలసీమియా ట్రెయిట్. ఏడాదిపాటు మింగిన ఐరన్ ఆమెకి అక్కర్లేనిది. ట్రెయిట్ ఉన్నవాళ్లు మామూలుగా బతుకుతారు, దానికి మందు అవసరం లేదు. ఐరన్ నిజంగా తగ్గితే తప్ప వేసుకోకూడదు, అంతే.

ఇక ఇక్కడ పెళ్లి సంగతి వస్తుంది. అబ్బాయికి కూడా బీటా ట్రెయిట్ ఉంటే ప్రతి గర్భంలోనూ బిడ్డకి తలసీమియా మేజర్ అనే తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అబ్బాయి సీబీసీ చూసి 'ఎంసీవీ 84, హిమోగ్లోబిన్ 14.8, ఏమీ లేదు' అని వదిలేయడం పెద్ద పొరపాటు. సికిల్ సెల్ ట్రెయిట్‌లో ఎంసీవీ, హిమోగ్లోబిన్ రెండూ మామూలుగా ఉండొచ్చు, స్మియర్‌లో కొడవలి ఆకారం కూడా కనిపించకపోవచ్చు. ఒకరికి బీటా తలసీమియా, ఒకరికి సికిల్ ట్రెయిట్ ఉన్నా బిడ్డకి సికిల్ బీటా తలసీమియా రావచ్చు. అదీ జబ్బే. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ ఉంది. సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్రం 2023లో ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది కూడా. అందుకని అబ్బాయికి సీబీసీతో సరిపెట్టకుండా హెచ్‌పీఎల్‌సీ చేయించాలి. ఇది చెప్తే రెండు వైపుల పెద్దలూ మొహాలు చూసుకుంటారని తెలుసు. అయినా జాతకాలు చూసే సమయంలో సగం కూడా పట్టదు. ఇద్దరికీ తేలినా పెళ్లి ఆపమని అర్థం కాదు. గర్భం మొదటి నెలల్లోనే బిడ్డకి పరీక్ష చేసే దారి ఉంది, జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లాలి.

6. ఐరన్ లోపమే అయితే: పనిచేస్తోందో లేదో ఇలా చూసుకోండి

రెండో రిపోర్టు మనిషికి ఐరన్ కావాలి. డాక్టరు చెప్పిన మాత్రని టీ, కాఫీ, పాలతో కాకుండా వాటికి గంటైనా దూరంగా వేసుకోవాలి. వారం పది రోజుల్లో రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే పుట్టిన ఎర్ర కణాలు, పెరుగుతాయి. అప్పుడు స్మియర్ తీస్తే 'పాలీక్రోమేషియా' అని రాస్తాం. ఇక్కడ అది మంచి వార్త, కొత్త కణాలు వస్తున్నాయని. మూడు నాలుగు వారాలకి హిమోగ్లోబిన్ కనీసం 1, బాగుంటే 2 గ్రాములు పెరగాలి. నార్మల్ అవ్వగానే మానేయడం మనవాళ్లకి అలవాటు. నిల్వలు నిండాలంటే ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వాడాలి.

నెలకి కూడా కదలకపోతే డోసు పెంచేముందు కారణం వెతకండి. మాత్ర నిజంగా వేసుకుంటున్నారా, రోజూ గ్యాస్ మాత్ర మింగుతున్నారా, నెలసరి ఎక్కువగా పోతోందా, నులిపురుగులు ఉన్నాయా, లేక ఇది ట్రెయిటా? మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఐరన్ లోపం తేలితే మాత్రలతో ఆపకండి. కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూపించుకోవాలి.

7. 'స్కిస్టోసైట్స్' కనిపిస్తే వేరే లెక్క

పైన చెప్పినవన్నీ తీరిగ్గా చేసుకునే పనులు. ఇది కాదు. స్కిస్టోసైట్ అంటే తెగిన ఎర్ర కణం ముక్క. హెల్మెట్ ఆకారంలోనో, మూడు మూలలుగానో ఉంటుంది. సన్న రక్తనాళాల్లో గడ్డలు అడ్డుపడి, వాటి మధ్యనుంచి దూరేటప్పుడు కణాలు అలా తెగుతాయి. టీటీపీ, హెచ్‌యూఎస్, డీఐసీ లాంటి జబ్బుల్లోనూ, గర్భిణుల్లో బీపీతో వచ్చే హెల్ప్ సిండ్రోమ్‌లోనూ కనిపిస్తాయి. గుండెకి కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లలో కూడా ఉండొచ్చు.

ఆకారాలు మిగతావన్నీ మామూలుగా ఉండి ముక్కలే ప్రధానంగా, 1 శాతం దాటి కనిపిస్తే దాన్ని తీవ్రంగా తీసుకోవాలి. అదే తీవ్రమైన ఐరన్ లోపంలోనో, తలసీమియాలోనో రకరకాల ఆకారాల మధ్య ఒకటీ అరా ముక్క ఉంటే దానికి అంత బరువు లేదు. ఈ తేడా మీకెలా తెలుస్తుంది? ప్లేట్‌లెట్ల లైను చూడండి. ప్లేట్‌లెట్లు తగ్గి స్కిస్టోసైట్స్ ఉన్నాయంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు కాదు. జ్వరం, మాట తడబడటం, తికమక, మూత్రం తగ్గడం లేదా కోకా రంగులో రావడం, ఒంటిమీద ఎర్ర చుక్కలు, గర్భిణికి బీపీ, కడుపు పైభాగంలో నొప్పి ఉంటే ల్యాబు రీ-టెస్ట్ కోసం కూడా ఆగొద్దు. కేజీహెచ్ క్యాజువాల్టీకి గానీ, ఐసీయూ, డయాలసిస్ ఉన్న ఏ పెద్ద ఆసుపత్రికి గానీ రిపోర్టు చేత్తో పట్టుకుని వెళ్లి, 'స్మియర్‌లో స్కిస్టోసైట్స్ ఉన్నాయి, ప్లేట్‌లెట్లు ఇంత' అని మొదటి మాటగా చెప్పండి. అక్కడ ఎల్‌డీహెచ్, క్రియాటినిన్, బిలిరుబిన్, రెటిక్యులోసైట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు చూస్తారు.

ప్లేట్‌లెట్లు నార్మల్, మనిషి హుషారుగా ఉన్నాడు, రిపోర్టులో మాత్రం 'అకేషనల్ ఫ్రాగ్మెంటెడ్ ఆర్‌బీసీ' అని ఉంటే, ల్యాబుకి ఫోన్ చేసి ఆ స్లైడుని పాథాలజిస్టు స్వయంగా చూశారా, శాతం ఎంత అని అడగండి. అలా అడిగితే మేం ఏమీ అనుకోం. స్లైడు కొన్నాళ్లు దాచే ఉంచుతాం, తీసి మళ్లీ చూసి చెప్పొచ్చు. వేరే డాక్టరుకి చూపించాలంటే ఆ స్లైడుతో పాటు కొత్త శాంపిల్ కూడా ఇవ్వండి, నిన్నటి ట్యూబు నుంచి ఇవాళ తీసిన స్మియర్ వద్దు.